ఒకే సంస్థలో నాలుగు మెట్లు

మన ప్రాంతంలో స్త్రీల శ్రమ ఇంట్లో లెక్కకు రాదని మనం చాలాసార్లు రాశాం, మాట్లాడాం. బయట చేసే ఉద్యోగంలో కూడా, అదీ స్వయంగా ఆమే రాసుకున్న బయోడేటాలో, ఆ శ్రమ ఎలా లెక్క తప్పుతుందో అంతగా పట్టించుకోలేదు. ఖమ్మం - భద్రాచలం అడవి అంచు గ్రామాల్లో స్వచ్ఛంద సంస్థల్లో పదీ పదిహేనేళ్లు పనిచేసిన స్త్రీల బయోడేటాలు చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. ఒకే సంస్థలో మెట్టు మెట్టుగా ఎదిగిన మనిషి కాగితం మీద మాత్రం ఐదారు చోట్ల తిరిగిన మనిషిగా కనిపిస్తుంది.

దీనికి కారణం ఆమె అజాగ్రత్త కాదు, ఈ నేల చరిత్రే. కూనవరం సంగతే తీసుకోండి. 2014 దాకా అది ఖమ్మం జిల్లా. రాష్ట్ర విభజనతో ఆంధ్రప్రదేశ్‌లో కలిసి తూర్పు గోదావరి జిల్లా అయింది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. భద్రాచలం పట్టణం తెలంగాణలోనే ఉండిపోయి, 2016 అక్టోబరులో ఖమ్మం నుంచి విడిపోయి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. భద్రాచలంలో ఆఫీసు ఉన్న సంస్థ తరఫున కూనవరం గ్రామాల్లో పనిచేసే స్త్రీ తన చోటు నుంచి కదలకుండానే 2022 నాటికే రెండు రాష్ట్రాలు, మూడు జిల్లాలు చూసింది. దీనికి తోడు సంస్థలో ప్రాజెక్టులు మారుతుంటాయి. నిన్న ఆరోగ్యం, నేడు అటవీ హక్కులు, రేపు పోషకాహారం. ప్రాజెక్టు మారినప్పుడల్లా, జిల్లా మారినప్పుడల్లా ఆమె కొత్త వరుస రాస్తుంది. హైదరాబాదులో కూర్చుని దరఖాస్తులు వడపోసే వ్యక్తికి ఈ చరిత్ర తెలియదు. పదిహేనేళ్లలో ఆరు ఉద్యోగాలు, నిలకడ లేదు అని పక్కన పెట్టేస్తాడు.

కొందరు దీనికి భయపడి అన్నీ తీసేసి "ప్రాజెక్టు కోఆర్డినేటర్, 2010 నుంచి" అని ఒక్క ముక్క రాస్తారు. ఇది ఇంకా నష్టం. మొదటిది, అది నిజం కాదు. సంస్థను అడిగి సరిచూసిన రోజున మొత్తం బయోడేటా మీదే నమ్మకం పోతుంది. రెండోది, కింది నుంచి పైకి ఎక్కిన సంగతి, అంటే ఆమె సామర్థ్యానికి అసలు రుజువు, దానితో చెరిగిపోతుంది.

సరైన పద్ధతి ఒకటి ఉంది. సంస్థ పేరు ఒక్కసారే, పైన, మొత్తం కాలంతో రాయాలి. దాని కింద హోదాలను కొత్తది ముందు, పాతది చివర వచ్చేలా, దేనికి దానికి నెలా సంవత్సరం వేసి రాయాలి. ఊహించిన ఒక ఉదాహరణ ఇస్తాను:

(సంస్థ పేరు), భద్రాచలం: జూన్ 2010 - ఇప్పటివరకు
ప్రాజెక్టు కోఆర్డినేటర్, ఏప్రిల్ 2021 నుంచి: 14 మంది సిబ్బంది, రెండు రాష్ట్రాల్లో పని, బడ్జెటు, నివేదికల బాధ్యత.
క్లస్టర్ సూపర్‌వైజర్, జులై 2015 - మార్చి 2021: ఐదుగురు ఫీల్డ్ వర్కర్లు, 32 గ్రామాలు. చివరి ఆరు నెలలు ఇన్‌ఛార్జి కోఆర్డినేటర్ బాధ్యతలు కూడా.
ఫీల్డ్ వర్కర్, జూన్ 2012 - జూన్ 2015. గ్రామ వాలంటీర్ (గౌరవ వేతనం), జూన్ 2010 - మే 2012: కూనవరం మండలంలో మహిళా సంఘాల సమావేశాలు, అటవీ హక్కుల దరఖాస్తులు నింపించడం.

ఇందులో కొన్ని సంగతులు గమనించాలి. వాలంటీరుగా, ఫీల్డ్ వర్కరుగా చేసిన పని దాదాపు ఒకటే. అందుకే రెండు హోదాలకూ తేదీలు విడివిడిగా ఇచ్చి, పనిని ఒక్కచోట చెప్పాం. సూపర్‌వైజర్ అయ్యాక పని స్వభావమే మారింది కాబట్టి ఆ వరుసకు వేరే వివరణ ఉంది. ఎదుగుదలను చూపేది హోదా పేరు ఒక్కటే కాదు. గ్రామాలు ఎన్ని, మనుషులు ఎందరు, డబ్బు బాధ్యత ఎవరిది అన్నవి కూడా చూపుతాయి. హోదా పేరు మారి పని, జీతం మారకపోతే అది పదోన్నతి కాదు, దాన్ని అలా చూపకూడదు.

ఇన్‌ఛార్జి సంగతి మన స్త్రీలకు బాగా తెలుసు. పైవాడు వెళ్లిపోతాడు, పని ఆమె నెత్తిన పడుతుంది, హోదా మాత్రం నెలల తర్వాత వస్తుంది, లేదా రానే రాదు. ఆ కాలాన్ని పై హోదాలో కలపకూడదు, వదిలేయనూ కూడదు. పాత హోదా కిందే, ఇన్‌ఛార్జి అని, ఎన్ని నెలలో రాయాలి.

ఇప్పుడు ఒక ప్రకటన "మొత్తం అనుభవం పదేళ్లు, అందులో పర్యవేక్షణ అనుభవం ఐదేళ్లు" అని అడిగిందనుకుందాం. పై కాగితంలో సూపర్‌వైజర్ వరుస ఒక్కటే ఐదేళ్ల తొమ్మిది నెలలు. చదివేవారు వేళ్ల మీద లెక్కపెట్టుకోగలరు. అవే సంవత్సరాలు ప్రాజెక్టుల వారీగా ముక్కలై ఉంటే ఈ ఐదేళ్లు ఎక్కడా దొరకవు.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. ప్రావిడెంట్ ఫండ్ ఖాతా 2012లో మొదలై, కాగితం 2010 అంటే ప్రశ్న వస్తుంది. "గౌరవ వేతనం" అన్న ఒక్క మాట దానికి జవాబు. ప్రసూతి సెలవును విరామంగా చూపించి ఉద్యోగాన్ని రెండు ముక్కలు చేయనక్కర లేదు. 2017 సవరణ తర్వాత చట్టం మొదటి ఇద్దరు బిడ్డలకు ఇచ్చిన 26 వారాలు సెలవే, రాజీనామా కాదు. కానీ నిజంగా రాజీనామా చేసి రెండేళ్ల తర్వాత తిరిగి చేరితే మాత్రం రెండు కాలాలనూ విడిగానే రాయాలి. జీతమిచ్చిన వారు వేరైనప్పుడు కూడా కలపకూడదు. పొదుపు సంఘాల్లో ఇది తరచూ జరిగే పొరపాటు. ఊళ్లో గ్రామ సంఘం పెట్టుకున్న బుక్‌కీపర్ ఆ సంఘపు మనిషి. తర్వాత సెర్ప్‌లో ఉద్యోగిగా చేరితే అది వేరే సంస్థలో వేరే ఉద్యోగం. రెండూ గౌరవమైనవే, రెండు శీర్షికల కింద రావాలి. దరఖాస్తు ఫారమే ఒక్కో హోదాకు ఒక్కో గడి ఇస్తే, ప్రతి గడిలోనూ సంస్థ పేరు మళ్లీ రాసి, పక్కన "అదే సంస్థలో పదోన్నతి" అని చేర్చాలి.

చివరిగా సంస్థలు నడిపే వారితో ఒక మాట. ఇవన్నీ రాయడానికి ఆమె చేతిలో తేదీలుండాలి. మనలో ఎన్ని సంస్థలు హోదా మారినప్పుడు ఉత్తర్వు కాగితం ఇస్తున్నాయి? "రేపటి నుంచి నువ్వు క్లస్టర్ చూసుకో అమ్మా" అన్న నోటిమాటతో సరిపెడుతున్నాం. అదే మగ ఉద్యోగి అడిగి రాయించుకుంటాడు. స్త్రీ అడగడానికి మొహమాటపడుతుంది, అడిగితే నమ్మకం లేదా అంటాం. హోదా, అది మొదలైన తేదీ, ముగిసిన తేదీ, జీతం, పనిచేసిన మండలం అన్న ఐదు వివరాలతో ఒక సర్వీసు పత్రాన్ని ఏటా మార్చి చివర ప్రతి ఉద్యోగికీ సంతకంతో ఇవ్వడానికి ఒక పూట చాలు. కూలి రేటు రాతలో ఉండాలని ఊళ్లలో చెప్పే మనం, ముందు మన ఆఫీసులో రాసివ్వాలి.