తిరస్కరణ లేఖకు జవాబు

ఐర్లండ్ స్టూడెంట్ వీసా రాలేదని తెలిసిన రోజు ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు. ఆ బాధలోనే చాలామంది బతిమాలుతూ అప్పీలు రాసి పంపేస్తారు. కాస్త ఆగాలి. లేఖపై ఉన్న తేదీ నుంచి రెండు నెలల గడువుంది, రుసుము లేదు. అయితే ఒక దరఖాస్తుకు ఒక్క అప్పీలే. ఎందుకు కాదన్నారో లేఖలోనే రాసి ఉంటుంది. జవాబు ఒక్కో కారణానికీ విడివిడిగా ఉండాలి.

వరంగల్ నుంచి డబ్లిన్‌లో ఎమ్మెస్సీకి సీటు తెచ్చుకున్న అమ్మాయి ఉందనుకుందాం. మొదటి అభ్యంతరం డబ్బు గురించి. ఫీజు కాక ఏడాది ఖర్చులకు 10,000 యూరోలు చూపించాలి. నాన్న ఖాతాలో డబ్బుంది కానీ, దరఖాస్తుకు నెల ముందు ఒకేసారి ఎనిమిది లక్షలు జమయ్యాయి. అది చిట్టీ పాడిన డబ్బని ఇంట్లో అందరికీ తెలుసు, అధికారికి తెలియదు. అదే బ్యాంకు స్టేట్‌మెంట్ మళ్లీ పంపితే అదే అనుమానం మిగులుతుంది. చిట్టీ అంటే ఏమిటో రెండు వాక్యాల్లో చెప్పి, నెలనెలా కట్టిన పాస్‌బుక్, పాట మొత్తాన్ని చెక్కుగా ఇచ్చిన రసీదు జతచేయాలి. ఊళ్లో నోటిమాట మీద నడిచే చిట్టీ అయితే కాగితం ఉండదు. లేని కాగితం పుట్టించవద్దు. తప్పుడు పత్రమని తేలితే అప్పీలు హక్కు పోవచ్చు, అయిదేళ్ల వరకూ వీసాకు దూరం కావచ్చు. ఆ సొమ్మును పక్కనపెట్టి, విద్యారుణం మంజూరు పత్రం లాంటి వేరే ఆధారం చూసుకోవడమే క్షేమం.

రెండోది, బీటెక్ తర్వాత రెండేళ్ల ఖాళీ. ఏడాది గ్రూప్స్‌కు చదివింది, హాల్‌టికెట్ ఉంది. మరో ఏడాది చిన్న కంపెనీలో పనిచేసింది. అనుభవ పత్రంతో పాటు జీతం పడిన బ్యాంకు పేజీలు పెడితే తేదీలు ఒకదాన్నొకటి బలపరుస్తాయి. ఒక్క నెల తేడా వచ్చినా కొత్త అనుమానం మొదలవుతుంది.

వీసా షరతులు పాటిస్తుందన్న నమ్మకం కలగలేదన్నది మూడోది. కష్టమైనది ఇదే, ఏ ఒక్క కాగితమూ దీన్ని తీర్చలేదు. చదువు అయిన మర్నాడే తిరిగొస్తానని రాయడం నాకు సబబుగా తోచదు. మాస్టర్స్ చేసినవారు ఉద్యోగం కోసం రెండేళ్ల వరకు ఉండేందుకు ఆ దేశమే వీలు కల్పిస్తోంది. ఈ కోర్సు ఎందుకు, చేసిన పనితో దానికేం సంబంధం, ఇక్కడ ఏ ఉద్యోగాలకు పనికొస్తుంది అన్నవి ఒక పేజీలో తన మాటల్లో రాస్తే చాలు. కన్సల్టెన్సీ నమూనా ఉత్తరంలో ఆ అమ్మాయి కనిపించదు.

నిర్ణయం వచ్చేలోపు తరగతులు మొదలైపోవచ్చు. అప్పీలు పంపిన రోజే సీటును తర్వాతి విడతకు మార్చడానికి వీలుందా, కట్టిన ఫీజు ఏమవుతుందని కళాశాలను రాతపూర్వకంగా అడగాలి.