కడలి దాటిన ఇంటి మాట

కృష్ణాజిల్లా మెట్ట ప్రాంతమని పేరుపడిన నందిగామ, జగ్గయ్యపేటలు 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. జిల్లా మారినా ఇంటింటి ముచ్చట మారలేదు. పిల్లలు అమెరికాలో, తల్లిదండ్రులు ఇక్కడ. పొద్దున లేవగానే ఫోనులో మనుమరాలి ముఖము కనిపిస్తుంది. అమ్మమ్మ తెలుగున అడుగుతుంది, పిల్లకు అర్థమవుతుంది, బదులు మాత్రము ఇంగ్లీషులో వస్తుంది. “మా మనుమరాలికి తెలుగు అంతా తెలుసు, మాట్లాడదంతే” అని పెద్దవారు సరిపెట్టుకొంటారు. ఆ “అంతే” అన్న మాటలోనే భాష ఒక తరముతో ఆగిపోవడానికి కావలసిన కారణమంతా ఉన్నది. మాటను అర్థము చేసికొనే పిల్ల రేపు తల్లి అయినప్పుడు, తన బిడ్డకు అందించడానికి ఆమె నోట మాట ఉండదు.

ఈ సంగతి లెక్కలలో కనపడదు. అమెరికాలో ఇంట తెలుగు మాట్లాడేవారి సంఖ్య 2010-2017 సంవత్సరముల మధ్య నూటికి 86 వంతులు పెరిగి, నాలుగు లక్షలు దాటినదని అక్కడి జనగణన శాఖవారి సర్వే వలన తేలినది. ఈ పెరుగుదల ప్రధానముగా ఇక్కడినుండి కొత్తగా పోయినవారి వలన వచ్చినది. కొత్త నీరు వచ్చి చేరుతున్నంతకాలము చెరువు గట్టుకు పడిన గండి కంటికి ఆనదు.

గండి పడిన చెరువును చూడాలంటే మారిషస్ దీవి చూడవచ్చును. పందొమ్మిదవ శతాబ్దిలో చెరకుతోటల పనికై పోయిన తెలుగువారి సంతతి అక్కడ నేటికీ ఉన్నది. బడులలో తెలుగు పాఠముగా చెబుతారు, పండుగలు చేస్తారు, 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగినవి. అయినా అక్కడి ఇండ్లలో తల్లీబిడ్డలు మాట్లాడుకొనేది ఎక్కువగా క్రియోలు భాష. బడీ సభా పండుగా కలిసి భాషపై గౌరవమును నిలుపగలిగినవి గాని, వంటింటి మాటగా నిలుపలేకపోయినవి. భాషలను మరల నిలబెట్టుటను గూర్చి 1991లో పెద్ద గ్రంథము వ్రాసిన జాషువా ఫిష్‌మన్ చెప్పిన సారమూ ఇదే: ఇంటిలో పెద్దలనుండి పిన్నలకు మాట అందని చోట, పైన ఎన్ని సంస్థలు పనిచేసినా ఫలము నిలవదు. అమెరికాలో 2007 నుండి నడుస్తున్న సిలికానాంధ్ర మనబడి వంటి తరగతులు అక్షరములను నేర్పి, తోటి పిల్లలను చూపించగలవు. కాని వారమునకు ఒకనాటి తరగతి ఇంటి పనిని చేయలేదు.

అయితే ఇంటిలో తల్లిదండ్రులు తెలుగువారైనంతనే చాలునా? చాలదు. బెల్జియములో డచ్చి మాట్లాడే ప్రాంతమున వేరొక భాష గల సుమారు 1,900 కుటుంబములను పరిశీలించి అనిక్ డి హౌవర్ 2007లో ప్రకటించిన ఫలితములు ఆలోచింపదగినవి. తల్లిదండ్రులిద్దరూ ఇంట తమ భాషనే వాడిన కుటుంబములలో దాదాపు అందరి పిల్లలకూ ఆ భాష వచ్చినది. ఇద్దరూ ఊరి భాషను వాడుతూ, వారిలో ఒకరు మాత్రమే తమ భాషను కూడ కలిపిన ఇండ్లలో మూడింట ఒక వంతు కుటుంబములకే ఆ భాగ్యము దక్కినది. తెలిసిన భాష ఏది అన్నదానికన్న, ఇంటిలో వాడిన భాష ఏది అన్నదే ఫలితమును నిర్ణయించినది.

తెలుగు ఇండ్లలో ఈ వాడుకకు ఒక చిత్రమైన తెగులున్నది. “డోర్ ఓపెన్ చేయి”, “హ్యాండ్స్ వాష్ చేసుకో”, “బుక్స్ నీట్‌గా అరేంజ్ చేయి”, “లైట్ ఆఫ్ చేయి” — ఇవన్నీ తెలుగు వాక్యములేనని తల్లిదండ్రులు నమ్ముతారు. నిజమునకు వీటిలో మిగిలిన తెలుగు క్రియ ఒక్కటే: “చేయి”. తెరువు, కడుగు, సర్దు, ఆర్పు అన్న నాలుగు క్రియలను ఆ బిడ్డ వినలేదు. వినని క్రియను పలుకదు. నామవాచకములు ఎన్ని అరువు వచ్చినా భాష బ్రతుకుతుంది. బస్సు, రైలు అన్నంత మాత్రాన తెలుగు చెడలేదు. క్రియలు పోయిననాడు వాక్యము కూలిపోతుంది. కనుక మొదటి చికిత్స పిల్లకు కాదు, తల్లిదండ్రులకు. తెరువు, మూయు, కడుగు, తుడుచు, తీయు, పెట్టు, సర్దు, మడుచు, ఆరవేయు, వడ్డించు అన్న పది ఇంటిక్రియలను స్నానమువేళ, భోజనమువేళ తప్పక వాడితే, నెల తిరిగేసరికి వాటిలో కొన్నింటిని పిల్ల తనంత తానే అంటుంది.

రెండవ కీలకము, పిల్ల ఇంగ్లీషులో బదులు చెప్పినపుడు పెద్దలు ఏమి చేస్తారన్నది. నార్వేలో రెండు భాషల నడుమ పెరిగిన పసివారిని పరిశీలించిన ఎలిజబెత్ లాంజా ఈ ఘట్టమునే పట్టి చూచినది. ఆమె చూపిన తేడాలను ఒక తెలుగు ఇంటికి అన్వయించవచ్చును. పిల్ల “ఐయామ్ హంగ్రీ” అన్నదనుకొందాము. తల్లి “ఏమి తింటావు?” అని సాగిపోతే సంభాషణ చక్కగా జరిగినట్లే ఉంటుంది గాని, పిల్లకు తెలుగు మాటతో పని పడలేదు. “ఆకలి వేస్తున్నదా?” అని అడిగితే తలయూపుతో పని తీరిపోతుంది. “ఏమన్నావు తల్లీ, నాకు తెలియలేదే” అన్నప్పుడే పిల్ల మాటకోసము వెదుకుతుంది. ఇది మొండితనముగా తోచకుండ ఉండాలంటే ఒక మధ్యే మార్గమున్నది: “ఆకలి వేస్తున్నదా, దాహము వేస్తున్నదా?” అని రెండు మాటలు ముందు పెట్టడము. మాట అందినది, కాని ఎన్నుకొని పలుకవలసిన పని మిగిలినది. “నాకు ఆకలి వేస్తున్నది” అన్నప్పుడు ఇంగ్లీషులో కర్తగా ఉన్న “నేను” తెలుగులో “నాకు” అవుతుందన్న సంగతి కూడ పిల్ల నోటికి పట్టుబడుతుంది.

ఈ పనికి ఇంగ్లీషు రాని అమ్మమ్మను మించిన ఉపాధ్యాయురాలు లేదు. తల్లి తెలియనట్లు నటించవలెను. అమ్మమ్మకు నిజముగానే తెలియదు. పిల్లలు నటనను ఇట్టే పసికడతారు. కనుక దినమునకు పది నిమిషముల అమ్మమ్మ ఫోను, పద్ధతిగా జరిగితే, పనికివచ్చే పాఠమవుతుంది. డల్లాసులో వేసవి గడియారము ప్రకారము రాత్రి ఏడున్నర అయినపుడు నందిగామలో మరునాటి ఉదయము ఆరు గంటలు. నవంబరులో అక్కడి గడియారము మారిన తరువాత ఏడు. అక్కడ పిల్ల భోజనము ముగించినవేళ, ఇక్కడ అమ్మమ్మ కాఫీ త్రాగేవేళ. ఆ వేళ మారకూడదు.

ఆ పది నిమిషములలో ఏమి చెప్పాలి? ఏడు చేపల కథ చాలు, పదునాలుగు దినములకు ఆ ఒక్క కథే చాలు. ఎండని చేపతో మొదలై గడ్డిమోపు, ఆవు, పాలేరు, అవ్వ, ఏడ్చిన పిల్లవాడు, కుట్టిన చీమ వరకు ఏడుగురిని ఏడు ప్రశ్నలు అడిగే కథ అది. ఎందుకు ఎండలేదు, ఎందుకు మేయలేదు, ఎందుకు మేపలేదు, ఎందుకు పెట్టలేదు అని నాలుగు ప్రశ్నలు వ్యతిరేక క్రియతో వస్తాయి. “లేదు” ఏ పురుషలోనూ మారదు, కనుక పిల్లకు సుళువు. అడ్డము వచ్చావు, ఏడ్చావు, కుట్టావు అన్న మూడింటికి బదులు చెప్పేటప్పుడు వచ్చాను, ఏడ్చాను, కుట్టాను అని మార్చుకోవలెను. ఆవు మేస్తుంది, పాలేరు మేపుతాడు అన్న భేదమును ఏ వ్యాకరణమూ ఇంత హాయిగా బోధించదు.

మొదటి నాలుగు దినములు అమ్మమ్మ కథ అంతా చెబుతుంది. ఐదవనాటినుండి ప్రశ్న అమ్మమ్మది, బదులు పిల్లది. ఆవు తానే, చీమ తానే. రెండవ వారము పాత్రలు మారుతవి: ప్రశ్నలు పిల్లవి. పదునాలుగవనాడు పిల్ల ఆ కథను తండ్రికో తమ్మునికో చెబుతుంది. ఈ ప్రాంతమున మిరపకోతల కాలములోనైతే అమ్మమ్మ ఫోనును కల్లమువైపు త్రిప్పి, ఎండబెట్టిన కాయలను చూపవచ్చును. “అమ్మమ్మా, మిరపకాయలు ఎండినవా?” “ఇంకా ఎండలేదు తల్లీ, నిన్న మబ్బు పట్టినది.” కథలోని క్రియ కల్లములోనికి వచ్చినప్పుడు అది పాఠము కాదు, ఊరి కబురు. రేపు మరల అడగడానికి పిల్లకు నిజమైన కారణమున్నది.

పాటల పని వేరు. చెమ్మచెక్క ఆటలో చప్పట్ల దరువు హ్రస్వదీర్ఘములను, ద్విత్వములను నాలుకకు అలవరుస్తుంది. ట-త, ళ-ల భేదములు వినగా వినగా నిలుస్తవి. కాని పాటకు ఒక హద్దున్నది. పది పాటలు కంఠస్థము చేసి సభలో మెప్పు పొందిన పిల్ల “నీళ్లు కావాలి” అని అడగలేకపోవచ్చును. పాట ఉచ్చారణను కాపాడుతుంది, సంభాషణను పుట్టించదు.

పని చెడే చోట్లు ముఖ్యముగా రెండు. ఒకటి, చుట్టాలముందు “ఏదీ, తెలుగులో చెప్పు” అని పరీక్షించి, తప్పు దొర్లగానే నవ్వడము. ఆ నవ్వు విన్న పిల్ల తరువాత నోరు విప్పదు. “అమ్మమ్మా, మనము పార్కుకు వెళ్లాము” అని మనుమరాలు అంటే, నందిగామలో ఉన్న అమ్మమ్మ కూడ వెళ్లినట్లు అర్థము. తప్పని చెప్పక, “నన్ను కూడ తీసుకొనిపోయావా, మీరే వెళ్లారా?” అని అడిగితే, “కాదు, మేము వెళ్లాము” అని పిల్లయే దిద్దుకొంటుంది. రెండవది, పది నిమిషములూ అమ్మమ్మయే మాట్లాడడము. పిల్ల “ఊ” కొడుతుంటే కథ సాగుతున్నట్లే ఉంటుంది. అందుకు ఒక కొలత ఉన్నది: ఆ పది నిమిషములలో పిల్ల పలికిన తెలుగు క్రియలను తల్లి వ్రేళ్లమీద లెక్కించవలెను. “అవును”, “కాదు”, “ఊ” లెక్కలోనికి రావు. నెలకొకసారి లెక్కిస్తే పెరుగుతున్నదో తరుగుతున్నదో తెలుస్తుంది. తరిగితే కథ మార్చవలెను, లేదా అమ్మమ్మ తన మాట తగ్గించుకోవలెను.

ఇంతచేసినా ఆ పిల్ల జగ్గయ్యపేట బడిలో చదివిన పిల్లవలె మాట్లాడదు. లెక్కలు, శాస్త్రము, స్నేహితుల తగవులు ఆమెకు ఇంగ్లీషులోనే స్ఫురిస్తవి. వ్రాత వేరుగా నేర్వవలెను. పదిపన్నెండేండ్లు వచ్చేసరికి ఏడు చేపల కథతో పని సాగదు. అప్పుడు తాతయ్య పొలము సంగతులు, వంట, చుట్టరికములు మాటలకు విషయములు కావలెను. ఇక్కడ సాధ్యమయ్యే లక్ష్యము చిన్నది, స్పష్టమైనది: తెలుగున అడిగిన మాటకు తెలుగున బదులు చెప్పే అలవాటు తెగకుండ ఉండడము. బడి బయట ఇంగ్లీషుదే రాజ్యమైన నేలమీద, ఆ అలవాటు ఒక్కటి నిలిచిన ఇంట అమ్మమ్మ ప్రశ్న దాటి మనుమరాలి ప్రశ్న మొదలవుతుంది. కల్లములో కాయలు ఎండినవో లేదో అడిగేది అప్పుడు ఆమెయే.