ఒకే జవాబుకి ఒకే మార్కు రావాలంటే



హాస్టళ్లలో పదో తరగతి తమ్ముళ్లకి, చెల్లెళ్లకి టెస్టులు పెట్టి పేపర్లు దిద్దే మనందరికీ ఒక మాట. "కీ" అని నాలుగు పదాలు రాసుకుని దిద్దితే సరిపోదని మా అభిప్రాయం. అలా చేస్తే బట్టీ పట్టినవాడికి మార్కు వస్తుంది. ఇంట్లో కోయ మాట్లాడి, విషయం అర్థం చేసుకుని సొంత మాటల్లో రాసిన పిల్లకి పోతుంది.

ఉదాహరణకి రెండు మార్కుల ప్రశ్న: మట్టికుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి?

ఒక జవాబు: "బాష్పీభవనం వల్ల గాలిలోని చల్లదనం కుండలోకి వస్తుంది."
ఇంకో జవాబు: "కుండకి చెమట పట్టి ఆ నీళ్లు ఆరిపోతాయి. ఆరేటప్పుడు లోపలి నీళ్ల వేడిని లాక్కుంటాయి."

"బాష్పీభవనం" అనే పదం కోసం వెతికేవాళ్లు మొదటిదానికే ఎక్కువ వేస్తారు. నిజానికి విషయం తెలిసింది రెండోవాళ్లకి.

అందుకే ముందు పదాలు కాదు, విషయాలు విడగొట్టుకోవాలి. సన్న రంధ్రాల గుండా నీళ్లు పైకి ఊరడం, అర మార్కు. అవి ఆవిరవడం, అర. దానికి కావలసిన వేడి లోపలి నీళ్ల నుంచి పోవడం, ఒకటి. తర్వాత ఒక్కో విషయం కింద ఏ మాటలు ఒప్పుకుంటామో, ఏవి ఒప్పుకోమో రాయాలి. "ఆరిపోతుంది", "ఆవిరైపోతుంది" సరే. "మరిగి ఆవిరవుతుంది" కుదరదు, కుండలో నీళ్లు మరగవు కదా. "చెమట పడుతుంది" అంటే ఊరడమే కాబట్టి సరే. "వేడి పోతుంది" అని ఊరికే రాస్తే చాలదు, ఎక్కడి నుంచి, ఎందువల్ల అనేది ఉండాలి. "భాష్పీబవనం" అని అక్షరం తప్పినా మార్కు కొయ్యొద్దు, మనం చూసేది సైన్సు. ఈ లెక్కన మొదటి జవాబుకి అర, రెండోదానికి రెండు.

గదిలో కూర్చుని రాసిన లిస్టులో పిల్లల మాటలన్నీ ఉండవు. అందుకే పది పేపర్లు తీసి, ఇద్దరు విడివిడిగా దిద్దాలి. మార్కులు పేపరు మీద కాకుండా వేరే కాగితం మీద వెయ్యాలి, లేకపోతే రెండోవాళ్లు మొదటివాళ్ల అంకె చూసి అటే మొగ్గుతారు. పోల్చేటప్పుడు మొత్తం చూస్తే మోసపోతాం. ఇద్దరూ ఒక్కో మార్కు వేసినా, ఒకరు మొదటి రెండు విషయాలకి, ఇంకొకరు మూడోదానికి వేసి ఉండొచ్చు. విషయం వారీగా చూడాలి. తేడా వచ్చిన చోట మాట్లాడుకుని, ఆ మాటని లిస్టులో ఏదో ఒక వైపు చేర్చాలి.

ఆ తర్వాత కూడా మధ్యలో కొత్త మాట వస్తుంది. ఒక్కరే తేల్చేయొద్దు. పక్కన పెట్టి, మిగతావాళ్లని అడిగి, లిస్టులో ఎక్కించి, అప్పటికే దిద్దిన పేపర్లలో ఆ మాట ఉందేమో వెనక్కి వెళ్లి చూడాలి. చాలామంది వదిలేసేది ఈ పనే. అది వదిలేస్తే ముందు దిద్దిన పిల్లకి ఒక న్యాయం, తర్వాత దిద్దిన పిల్లకి ఇంకో న్యాయం అవుతుంది.

మీ ఊళ్లల్లో పిల్లలు "ఆవిరి", "ఊరడం" లాంటివాటికి ఏమంటారో కింద రాయండి. లిస్టులో చేర్చుకుందాం.