చెవి తెగిన కుక్క చెప్పే లెక్క

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడిని వీధికుక్కలు చంపేశాయి. ఆ సీసీ కెమెరా దృశ్యాలు చూసినవాళ్ల దగ్గర జంతుకారుణ్యం గురించి మాట్లాడితే వినరు. వాళ్లు వినాలనుకోవడమూ న్యాయం కాదు. 2026 జనవరిలో హనుమకొండ, కామారెడ్డి జిల్లాల్లోని కొన్ని గ్రామాల్లో కుక్కలను విషమిచ్చి చంపించారన్న ఆరోపణలపై పోలీసులు కేసులు పెట్టారు. చట్టం ఒప్పుకోకపోయినా ఊళ్లో చాలామంది ‘పీడ పోయింది’ అనుకునే ఉంటారు. అందుకే పాపపుణ్యాలు పక్కనపెట్టి ఒక్కటే అడుగుదాం. చంపితే పీడ పోతుందా?

దీనికి జవాబు జైపూర్‌లో ఉంది. అక్కడ ఒక స్వచ్ఛంద సంస్థ 1994 నుంచి వీధికుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేస్తూ, వాటి బతుకు లెక్కలు ఏళ్ల తరబడి రాసి పెట్టింది. ఏడాదిలో పెద్ద ఆడకుక్కల్లో దాదాపు సగం చూలు కడతాయి. ఈతకు సగటున ఐదారు పిల్లలు. పుట్టినవాటిలో నాలుగింట మూడు వంతులు ఏడాది నిండకుండానే చస్తాయి. ఏడాది దాటిన ఆడకుక్క సగటున మరో నాలుగేళ్లు బతుకుతుంది.

ఈ అంకెలను ఒక ఊరికి వర్తింపజేద్దాం. వెయ్యి పెద్ద కుక్కలున్నాయి, సగం ఆడవి అనుకుందాం. ఏటా సుమారు 240 ఈతలు, 1,300 పిల్లలు. వాటిలో బతికి పెద్దవయ్యేవి 330. ముసలితనంతో, జబ్బులతో, లారీల కింద పడి పోయేవి 260. ఇప్పుడు పంచాయతీ ఒక వారంలో 300 కుక్కలను చంపించింది. మిగిలిన 700 మళ్లీ ఈనుతాయి. కోళ్ల వ్యర్థాలు, పెళ్లి భోజనాల ఎంగిలాకులు, చెత్తకుండీ ఎక్కడివక్కడే ఉన్నాయి. పోటీ తగ్గింది కాబట్టి పిల్లలకు తిండి ఎక్కువ దొరుకుతుంది. నాలుగో వంతుకు బదులు మూడో వంతు పిల్లలు బతికినా చాలు, రెండేళ్లు తిరిగేసరికి లెక్క మళ్లీ వెయ్యి దగ్గరికి వస్తుంది. పక్క ఊరి కుక్కలు వచ్చి చేరడాన్ని ఇందులో కలపనే లేదు. సంఖ్య నిజంగా తగ్గాలంటే ఏటా అన్నేసి కుక్కలను చంపుతూనే ఉండాలి. మద్రాసు కార్పొరేషన్ బ్రిటిష్ కాలం నుంచి 1990ల దాకా చేసిన పని అదే. కుక్కలు తగ్గలేదు, చంపే పనీ ఆగలేదు.

సంఖ్య తగ్గకపోయినా పిచ్చికుక్కల బెడద తగ్గుతుంది కదా అనే వాదన ఉంది. ఇండోనేసియాలోని ఫ్లోరెస్ దీవి అనుభవం అందుకు వ్యతిరేకంగా ఉంది. ఆ దీవిలో రేబిస్ ఉండేది కాదు. 1997లో సులవేసి దీవి నుంచి పడవలో వచ్చిన మూడు కుక్కలతో అది అడుగుపెట్టింది. 1998 నుంచి అధికారులు కుక్కలను చంపడం మొదలుపెట్టి, 2001 నడిమికల్లా దీవిలో దాదాపు సగం కుక్కలను తుదముట్టించారు. రేబిస్ మాత్రం పోలేదు. 2003 నాటికి కనీసం 113 మంది చనిపోయారు.

సగం కుక్కలు పోయినా వ్యాధి ఎందుకు పోలేదు? పిచ్చిపట్టిన కుక్క ఉన్నచోట ఉండదు, తిరిగి తిరిగి ఇంకో కుక్కను వెతుక్కుని కరుస్తుంది. వీధిలో పది కుక్కలున్నా ఐదే ఉన్నా దానికి పెద్ద తేడా లేదు. సగటున ఒక పిచ్చికుక్క నుంచి జబ్బు అంటేది రెండు కుక్కలకన్నా తక్కువకే. అందుకే కుక్కల సంఖ్య కన్నా, కాటు పడ్డ కుక్కకు టీకా ఉందా లేదా అన్నదే ముఖ్యం. నూటికి 70 కుక్కలకు టీకా పడితే గొలుసు తెగిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది ఇందుకే. పైగా చంపేవాడు టీకా పడ్డ కుక్కను వేరుచేసి చూడడు. దాని చోటుకు టీకా లేని పిల్ల వస్తుంది.

గోవా ఈ లెక్కనే నమ్ముకుంది. 2013 నుంచి వల పట్టిన బృందాలు వీధివీధీ తిరిగి, కుక్కను పట్టి, సూది వేసి, రంగు పూసి వదిలేశాయి. ఏ వీధి అయింది, ఏది కాలేదన్నది ఫోన్‌లోని మ్యాపులో నమోదు చేశాయి. 70 శాతానికి చేరాక కుక్కల్లో రేబిస్ 92 శాతం తగ్గింది, 2018 నుంచి వరుసగా కొన్నేళ్లు మనుషుల మరణాలే లేవు. కుక్కలు తగ్గినందువల్ల వచ్చిన ఫలితం కాదిది.

ఇక ఆపరేషన్. టీకాకు నిమిషం చాలు. ఆపరేషన్‌కు కుక్కను పట్టాలి, ఒక పూట పస్తుంచాలి, మత్తివ్వాలి, పొట్ట కోసి గర్భసంచి, అండాశయాలు తీయాలి, చెవి కొన కత్తిరించి గుర్తు పెట్టాలి, కుట్టు మానేదాకా నాలుగైదు రోజులు బోనులో ఉంచి, పట్టిన వీధిలోనే వదలాలి. ఇందులో ఏ ఒక్కటి సరిగ్గా జరగకపోయినా పథకం కాగితం మీదే ఉంటుంది. జైపూర్‌లో ఎనిమిదేళ్లలో దాదాపు 25 వేల కుక్కలను పట్టి వదిలారు. ఆడకుక్కల్లో 65 శాతానికి ఆపరేషన్ అయ్యాక కుక్కల సంఖ్య 28 శాతం తగ్గింది, పథకం నడిచిన ప్రాంతంలో మనుషుల రేబిస్ కేసులు సున్నాకు వచ్చాయి, మిగతా చోట్ల పెరిగాయి. ఆ నగరంలో కుక్కకాట్లూ తగ్గాయి. పిల్లల్ని కాచుకునే తల్లికుక్క కరవడం ఎక్కువ, ఈతలు తగ్గితే ఆ కాట్లు తగ్గుతాయి.

ఎనిమిదేళ్లకు 28 శాతం అంటే గొప్పేమీ కాదు. బిడ్డను పోగొట్టుకున్న ఇంటికి ఈ అంకె చెప్పడానికి నోరు రాదు. కరవడం అలవాటైన కుక్కను, గుంపు కట్టి మనుషుల మీద పడే కుక్కలను ఆపరేషన్ చేసి అదే వీధిలో వదిలితే ఆ వీధి మనుషులకు ఒరిగేదేమీ లేదు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా రేబిస్ సోకినవాటిని, దూకుడు కుక్కలను తిరిగి వదలొద్దనే చెప్పింది. నవంబరులో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల నుంచి కుక్కలను తరలించమంది. తరలించి ఎక్కడ పెడతారన్నది మున్సిపాలిటీలు తేల్చుకోవాలి. మా ఊళ్లో బోనులు పదికి మించవు.

మన మున్సిపాలిటీల గొడవ వేరే ఉంది. గుత్తేదారుకు డబ్బు కుక్కకింత అని ఇస్తారు. మగకుక్క ఆపరేషన్ తేలిక, త్వరగా అయిపోతుంది. ఆడదానికి పట్టే సమయం ఎక్కువ. లెక్కలో రెండూ ఒకటే. పైన చెప్పిన ఊళ్లో ఏటా వంద కుక్కలకు చేశారనుకుందాం, అందులో 50 ఆడవి. ఏటా నాలుగో వంతు చస్తుంటాయి కాబట్టి ఎన్నేళ్లు చేసినా ఆపరేషన్ అయి బతికున్న ఆడకుక్కలు 200 దాటవు, 500లో 40 శాతం. అంతకు మించి పోవు. అదే డబ్బుతో ఆడవాటినే వెతికి పడితే, ఆరేళ్లలో 65 శాతం దాటొచ్చు. ‘ఈ ఏడాది ఇన్ని వేల ఆపరేషన్లు చేశాం’ అనే ప్రకటన చూసినప్పుడల్లా అందుకే నాకు చిరాకు. ఎన్నింటికి చేశారని కాదు, వీధిలో ఉన్న ఆడకుక్కల్లో ఎన్నింటికి అయ్యిందని చెప్పాలి.

అది తెలుసుకోవడానికి అధికారులే అక్కర్లేదు. గత డిసెంబరులో ఒక ఆదివారం తెల్లవారుజామున, చెత్తబండి రాకముందే, మా కాలనీ ఎనిమిది సందులూ తిరిగాను. కనబడ్డవి 23 కుక్కలు. చెవి తెగినవి తొమ్మిది. ఆడవి 12, వాటిలో చెవి తెగినవి నాలుగే. చివరి సందులో మూసి ఉన్న మాంసం కొట్టు వెనక గోనెసంచి మీద ఒక తల్లి, ఐదు పిల్లలు. నన్ను చూసి గుర్రుమంది. దాని చెవులు రెండూ నిండుగా ఉన్నాయి.