ముప్పై ఏళ్లకే ముట్లుడిగితే ‘పీడ వదలడం’ కాదు

ముప్పై, ముప్పై ఐదేళ్ల ఆడవారికి నెలసరి ఆగిపోతే పల్లెల్లో తరచు వినిపించే మాట ఒకటే: “పీడ వదిలింది, ఇక హాయిగా పని చేసుకోవచ్చు.” కడుపున ఇద్దరు బిడ్డలుంటే ఇంట్లో ఎవరూ దాన్ని జబ్బుగా లెక్కించరు. ఈ ధోరణి మారాలి. నలభై ఏళ్లలోపు అండాశయాలు పని చాలించడం జబ్బే. దాని దెబ్బ పడేది సంతానం మీద మాత్రమే కాదు, ఎముకల మీద, గుండె మీద కూడా.

అండాశయాలు అండాలతోపాటు ఈస్ట్రోజన్ అనే హార్మోనును తయారు చేస్తాయి. మన ఎముక నిత్యం కొంత అరుగుతూ, కొంత కొత్తగా పేరుకుంటూ వుంటుంది. ఆ అరుగుదలను అదుపులో వుంచేది ఈస్ట్రోజనే. అది లేకపోతే అరిగేది ఎక్కువై, పేరుకునేది తక్కువై, ఎముక పుచ్చుపట్టిన కర్రలా లోపల గుల్లబారుతుంది. రక్తనాళాలు బిరుసెక్కకుండా, చెడ్డ కొవ్వు పెరగకుండా కాపాడేదీ అదే. యాభై ఏళ్ల దగ్గర పోవలసిన ఈ రక్షణ ముప్పై ఐదుకే పోతే ఆ స్త్రీ పదిహేనేళ్లపాటు అది లేకుండా బతకాలి. అంతకాలమూ పైకి నొప్పీ, వాపూ ఏమీ కనిపించవు. ప్రమాదమంతా అక్కడే వుంది.

కారణాలు పలు రకాలు. కొందరికి పుట్టుకతోనే క్రోమోజోముల్లో లోపం వుంటుంది. కొందరిలో శరీరంలోని రోగనిరోధక శక్తి తన అండాశయాలనే శత్రువుగా భావించి దెబ్బతీస్తుంది. ఇటువంటివారిలో థైరాయిడ్ జబ్బు కూడా కనిపించవచ్చు. కాన్సరుకు ఇచ్చే మందులు, రేడియేషన్ కూడా అండాశయాలను చంపవచ్చు. చాలామందిలో కారణం తెలియదు.

మన ప్రాంతానికి సంబంధించిన కారణం మరొకటి వుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు 9 మంది, తెలంగాణలో దాదాపు 8 మంది. దేశం మొత్తం మీద 3 మందే. గర్భసంచితోపాటు రెండు అండాశయాలనూ తీసివేస్తే ఈస్ట్రోజన్ ఆ రోజే పడిపోతుంది. అండాశయాలను వుంచినా కొందరిలో అవి ముందుగానే అలసిపోవచ్చు. గర్భసంచి లేదు గనుక నెలసరి ఆగిందన్న గుర్తు వీరికి వుండదు. వొంట్లోంచి ఆవిర్లు రావడం, రాత్రి చెమటలు, నిద్ర పట్టకపోవడం, యోని పొడిబారడం మాత్రమే వీరికి హెచ్చరికలు.

ఉదాహరణకు ముప్పై నాలుగేళ్ల కూలి స్త్రీని తీసుకుందాం. ఆపరేషన్ ఏదీ కాలేదు. ఏడాదిగా నెలసరి తప్పుతూ వచ్చి, ఐదు నెలలుగా పూర్తిగా ఆగింది. నాట్ల మధ్యలో ఒక్కసారిగా మొహం భగ్గుమంటుంది. ఆమె డాక్టరు దగ్గరకు వెళితే మొదట గర్భం వుందేమో చూస్తారు. తర్వాత థైరాయిడ్, ప్రొలాక్టిన్ పరీక్షలు చేస్తారు. వీటి వల్ల కూడా నెలసరి ఆగవచ్చు. అవి సరిగా వుంటే ఎఫ్.ఎస్.హెచ్. అనే రక్తపరీక్ష చేస్తారు. అండాశయాలను పని చేయమని మెదడు పంపే హార్మోను ఇది. అవి పలకకపోతే మెదడు మరింత గట్టిగా కేకవేస్తుంది, అంకె పెరుగుతుంది. నాలుగు నెలలకు పైగా నెలసరి లేక, ఈ అంకె 25 దాటితే జబ్బు వున్నట్టే. ఈమెకు 60 వచ్చింది. సందేహం వుంటే నాలుగైదు వారాల తర్వాత మళ్లీ చేస్తారు. ఎముక బలం తెలుసుకునే డెక్సా స్కాను పెద్ద ఊళ్లలో దొరుకుతుంది.

చికిత్స పోయిన హార్మోనును తిరిగి ఇవ్వడమే. గర్భసంచి వున్నవారికి దాని లోపలి పొరను కాపాడేందుకు ఈస్ట్రోజన్‌తో ప్రొజెస్టిరాన్ కూడా ఇవ్వాలి. గర్భసంచి లేనివారికి సాధారణంగా ఈస్ట్రోజన్ ఒక్కటే చాలు. మామూలుగా ముట్లుడిగే వయసు, అంటే యాభై దగ్గరికి వచ్చేవరకు వాడాలి. రాగి సంకటి, పాలు, ఎండ, నడక ఎముకకు మంచివే గాని హార్మోను లోటును అవి పూడ్చలేవు.

ఈ బిళ్లలతో కాన్సరు వస్తుందన్న భయం చాలామందిలో వుంది. ఆ భయాన్ని పెంచింది 2002లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం. అందులో పాల్గొన్నవారు యాభై నుంచి డెబ్బై తొమ్మిదేళ్లవారు. ముప్పై ఐదేళ్ల మనిషికి వయసు ప్రకారం వుండవలసిన హార్మోను ఇవ్వడం వేరు. అయితే రొమ్ము కాన్సరు వచ్చినవారు, కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టినవారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

గర్భసంచి ఆపరేషన్ చేసే ప్రతి ఆస్పత్రి అండాశయాలు వుంచారో, తీశారో చీటీ మీద తెలుగులో రాసి ఇవ్వాలి. ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలు కాన్పుల లెక్కతోపాటు, నలభై లోపువారిలో నెలసరి ఎప్పుడు ఆగిందో కూడా అడగాలి. ముప్పై నాలుగేళ్లకు అడగవలసిన ఆ ప్రశ్న, యాభై ఏళ్లకు వాకిట్లో జారిపడి తుంటి విరిగాక అడిగితే పోయిన ఎముక తిరిగి రాదు.