గెల కొయ్యాలా, ఆగాలా? ఏడు స్లైడ్లలో చెప్పేద్దాం

వేంసూరు వైపు వెళ్తే రోడ్డుకి రెండు పక్కలా పామాయిల్ తోటలే. కోసిన గెలలు అశ్వారావుపేట, అప్పారావుపేట ఫ్యాక్టరీలకి వెళ్తాయి. అక్కడి రైతులకి శిక్షణ ఇచ్చే ఒక ట్రైనర్ అన్న ఈమధ్య నాకు నలభై స్లైడ్ల ప్రజెంటేషన్ పంపి, "తమ్ముడూ, దీన్ని కారౌసెల్ చేసిపెట్టు" అన్నాడు. నర్సరీ నుంచి ఎరువుల దాకా అన్నీ ఉన్నాయి అందులో. నేను అడిగింది ఒక్కటే: "అన్నా, మీటింగ్‌లో నిన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఏంటి?" ఆలోచించకుండా చెప్పాడు: "ఈ గెల ఇవాళ కొయ్యాలా, ఆగాలా?"

అంతే, మన కారౌసెల్ దొరికింది. పచ్చి గెల కోస్తే నూనె తక్కువ వస్తుంది. మరీ ముగ్గితే పండ్లు రాలిపోతాయి, నూనెలో ఆమ్లం పెరుగుతుంది. రెండు రకాలుగానూ నష్టమే.

ఇప్పుడు వరస చూద్దాం. మొదటి స్లైడ్‌లో రెండు గెలల ఫొటోలు పక్కపక్కన పెట్టి, "వీటిలో ఏది కొయ్యాలి?" అని అడిగాం. జవాబు అక్కడ చెప్పలేదు. చూసినవాడు మనసులో ఒకటి అనుకుని వేలు జరుపుతాడు. రెండోది పైన చెప్పిన నష్టం, రెండే వాక్యాల్లో.

మూడు నుంచి ఐదు దాకా స్లైడుకి ఒక గుర్తు. ముందు రంగు: నల్లటి కాయ ఎరుపు, నారింజలోకి తిరగాలి. కానీ మట్టల నీడలో రంగు మోసం చేస్తుంది. అందుకే నాలుగోది రాలిన పండ్లు: గెల నుంచి వాటంతటవే ఐదు నుంచి పది పండ్లు కింద పడితే పక్వానికి వచ్చినట్టే. ఎలుక కొరికి పడేసినవి లెక్కలోకి రావు. ఐదోది గోరు పరీక్ష: రాలిన పండును గిచ్చితే నారింజ రంగు నూనె కనపడాలి. దూరం నుంచి కనపడేది ముందు, చేత్తో తేల్చుకునేది తర్వాత. తోటలో రైతు నడిచే వరసే స్లైడ్ల వరస. ఆరోది కోశాక పని: కాడ 5 సెంటీమీటర్లు మించకుండా నరకాలి, 24 గంటల్లో ఫ్యాక్టరీకి చేర్చాలి.

ఇక అక్షరాల సైజు. 1080 పిక్సెళ్ల వెడల్పు, 1350 ఎత్తుతో డిజైన్ చేస్తాం కదా. మామూలు ఫోన్‌లో అది దాదాపు మూడో వంతుకి కుంచించుకుపోతుంది. మనం పెట్టిన 36 సైజు అక్షరం అక్కడ 12లా కనపడుతుంది. ఇంగ్లీషుకి ఎలాగో సరిపోతుందేమో, తెలుగుకి సరిపోదు. మనకి పైన గుడులు, కింద ఒత్తులు ఉన్నాయి. చిన్నదైతే ఒత్తు ముద్దైపోతుంది. అందుకే టైటిల్ 96, మామూలు వాక్యం 56 పెట్టాను. 42కి దిగితే ఒప్పుకోను. లైన్ల మధ్య ఎడం అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లు ఉండాలి, లేదంటే పై లైను ఒత్తు కింది లైను గుడికి గుద్దుకుంటుంది. ఇలా చేస్తే స్లైడుకి పదిహేను, ఇరవై మాటలే పడతాయి. మిగతాది ట్రైనర్ నోటితో చెప్తాడు.

పరీక్ష తేలిక. స్లైడ్‌ని వాట్సాప్‌లో మీకే పంపుకుని, ఎండలో నిలబడి, చెయ్యి చాచి చదవండి. "పక్వం", "ఫ్యాక్టరీ" అన్న మాటల్లో ఒత్తులు విడిగా కనపడకపోతే సైజు పెంచండి.

వాట్సాప్‌లో ఇంకో చిక్కుంది. నాలుగు కంటే ఎక్కువ ఫొటోలు ఒకేసారి పంపితే నాలుగే చిన్న గళ్లలో కనపడతాయి, మిగతావి ప్లస్ గుర్తు వెనక దాక్కుంటాయి. ఎవరైనా ఫార్వర్డ్ చేస్తే విడిపోతాయి కూడా. అందుకే ప్రతి స్లైడ్ మూలన 3/7, 4/7 అని నంబరు వేశాం. విడిగా ఒక్కటే చేరినా ఇంకా ఉన్నాయని తెలుస్తుంది.

చివరి స్లైడ్ దగ్గర అన్నకీ నాకూ వాదన నడిచింది. ఫాలో అవ్వండి, షేర్ చెయ్యండి, ఫోన్ చెయ్యండి, మీటింగ్‌కి రండి... అన్నీ పెట్టమన్నాడు. "నాలుగు పనులు చెప్తే ఒక్కటీ చెయ్యరన్నా" అన్నాను. చివరికి ఇది మిగిలింది: "రేపు పొద్దున మీ తోటలో ఒక చెట్టు కింద రాలిన పండ్లు లెక్కపెట్టండి. గెల ఫొటో తీసి, లెక్క రాసి ఈ నంబరుకి పంపండి." కింద వాట్సాప్ నంబరు, టైటిల్ అంత పెద్దగా.

ఈ పనికి ఖర్చు లేదు, పది నిమిషాలు చాలు, ఎప్పుడు ఎక్కడ చెయ్యాలో స్పష్టంగా ఉంది. ట్రైనర్‌కీ లాభమే. వచ్చిన ఫొటోల్లో పచ్చి గెలలే ఎక్కువుంటే మూడో, నాలుగో స్లైడ్ సరిగ్గా చేరలేదని అర్థం. లైకులు ఆ సంగతి చెప్పవు.

మీరు కుట్టుపనికో, డ్రైవింగ్‌కో కారౌసెల్ చేస్తుంటే చివరి స్లైడ్ ముందు రాయండి. చూసినవాళ్లు రేపు ఏం చెయ్యాలో తేలితే, మిగతా ఆరింటిలో ఏం ఉంచాలో, ఏం తీసెయ్యాలో అదే చెప్తుంది.