ముక్క కాదు, ప్రశ్న మార్చాలి

టారో ముక్కలు చూపించుకోవడానికి వచ్చేవాళ్ళు ప్రేమ గురించి ఎక్కువగా అడిగేది ఒకటే: "ఆ మనిషి మనసులో ఏముంది?" ఈ ప్రశ్నకి ఒక్కసారే ముక్కలు వేయాలని నా అభిప్రాయం. రెండోసారి వేయకూడదు.

మొన్న ఒక అబ్బాయి ఇంట్లో తనే మూడుసార్లు వేసుకుని, ఫోనులో ఫోటోలు తెచ్చాడు. ప్రతిసారీ మూడు ముక్కలు: తను, ఆ అమ్మాయి, ఇద్దరి మధ్య ఉన్నది. అమ్మాయి చోటులో మొదట ఫోర్ ఆఫ్ కప్స్ వచ్చింది. 1909లో వచ్చిన రైడర్ కట్టలో ఈ బొమ్మ పమేలా కోల్మన్ స్మిత్ గీసింది. చెట్టు కింద ఒకడు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మేఘంలోంచి ఒక చెయ్యి గిన్నె అందిస్తోంది. అతను చూడడు. కోపం లేదు, పట్టనితనం, అంతే. రెండోసారి ఎయిట్ ఆఫ్ కప్స్, అంటే వీపు తిప్పి వెళ్ళిపోయే మనిషి. మూడోసారి మళ్ళీ ఫోర్ ఆఫ్ కప్స్.

"ముక్కలు పట్టుబట్టి చెప్తున్నాయి ఆంటీ," అన్నాడు.

నేను ఒప్పుకోను. కట్టలో 78 ముక్కలు. ముందు ఎలా కలిపావో చూపించమన్నాను. వేసిన మూడు ముక్కల్నీ కట్ట మీద పెట్టి, చేతిలో గుప్పెలు గుప్పెలుగా నాలుగైదుసార్లు జార్చాడు. ఇలా కలిపితే పక్కపక్కన ఉన్న ముక్కలు కలిసే ఉంటాయి, పాత ముక్కలు మళ్ళీ చేతికొస్తాయి. బల్ల మీద అన్నీ పరచి, రెండు చేతులతో ఒక నిమిషం కలగాపులగం చేయాలి.

బాగా కలిపినా ఇంకో లెక్క ఉంది. పట్టనితనం అని చదవగలిగే ముక్కలు పన్నెండు అనుకుందాం. మూడు ముక్కలు తీస్తే వాటిలో ఒకటైనా రావడం వందలో నలభైసార్లు జరుగుతుంది. రోజూ వేసేవాడికి అది "మళ్ళీ మళ్ళీ" కనిపించక ఏం చేస్తుంది? అడగడం ఆపనిది ముక్కలు కాదు, మనమే.

అయితే ఆ అమ్మాయికి ఇష్టం ఉందేమో అని కూడా నేను అనను. ఆ సంగతి ముక్కల్లో వెతకక్కర్లేదు. ఆమె నీకు ఎన్ని రోజులకి జవాబిస్తుంది, తనంతట తాను ఎప్పుడైనా పలకరించిందా అని అడిగాను. రెండు మూడు రోజులకి ఒక్క మాట వస్తుందట. తనంతట తాను ఎప్పుడూ పలకరించలేదట. ఇది ఏ ముక్క కన్నా గట్టి సాక్ష్యం.

అందుకే ఇలాంటివాళ్ళకి నేను రెండో చోటు తీసేస్తాను. ఎదుటివాళ్ళ మనసుకి ముక్క వేయను. రెండే వేస్తాను: "నేను ఇంకా దేనికోసం ఆగాను?", "ఆగడం మానితే నా రోజులో ఏం మారుతుంది?" వీటికి జవాబు చెప్పగలిగిన మనిషి ఎదురుగానే కూర్చుని ఉంటాడు. తర్వాత ఒక నెల దాకా ఆ పేరు మీద కట్ట ముట్టుకోవద్దని చెప్తాను.

ఆ అబ్బాయి మొదటి ప్రశ్నకే చాలాసేపు మాట్లాడాడు. అందులో ఆ అమ్మాయి పేరు రెండుసార్లే వచ్చింది.